జూన్ 30న పుట్టినవాడు

"నా మెషీన్‌లో బాగానే వస్తోందక్కా."

పదకొండు రోజులుగా నా మెయిలుకి వస్తున్న జవాబు ఇదొక్కటే. మా డెవలపర్ కుర్రాడు అబద్ధం చెప్పాడని అనను. అతని మెషీన్‌లో నిజంగానే బాగుంది. దాన్ని డల్లాస్ తీసుకెళ్లి క్లయింటు బల్ల మీద పెట్టి వచ్చే వీలుంటే నేనే మోసుకెళ్లేదాన్ని.

నేను పంపింది ఇదీ:

విషయం: టైమ్‌జోన్ అమెరికాలో ఉంటే ప్రొఫైల్‌లో పుట్టినతేదీ ఒకరోజు వెనక్కి పోతోంది

స్టెప్స్:
1. లాప్‌టాప్ టైమ్‌జోన్‌ని Central Time (US & Canada)కి మార్చి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి.
2. టెస్ట్ యూజర్‌తో లాగిన్ అయి ప్రొఫైల్ చూడండి.

రావాల్సింది: జూలై 1, 1985
వస్తున్నది: జూన్ 30, 1985
ఆధారాలు: రెండు టైమ్‌జోన్లలో గడియారం కనబడేలా తీసిన స్క్రీన్‌షాట్లు; సర్వర్ నుంచి వచ్చిన డేటా, అందులో తేదీ 1985-07-01 అనే ఉంది.

ఆ చివరి ఆధారం కోసం అరపూట కూర్చున్నాను. సర్వర్ సరైన తేదీనే పంపుతోందంటే, దొంగ స్క్రీన్ వైపు కోడ్‌లోనే ఉన్నాడని అర్థం. కుర్రాడు మాత్రం మొదటి స్టెప్‌ని పెళ్లిపత్రిక మీది 'శ్రీరస్తు శుభమస్తు'లా దాటేసి, రెండోదాని నుంచి మొదలుపెట్టాడు. హైదరాబాద్ టైములో చూస్తే ఈ బగ్ ఏడేడు జన్మలకీ కనబడదు. కారణం ఈ ఒక్క ముక్క:

```js
new Date("1985-07-01")
```

వేళ చెప్పకుండా తేదీ ఒక్కటే ఇస్తే, జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ ప్రకారం అర్ధరాత్రి అనుకుంటుంది. ఆ క్షణానికి మనకి జూలై 1 తెల్లవారుజాము 5:30. డల్లాస్‌లో ఇంకా జూన్ 30 సాయంత్రం 7 గంటలే. అందుకే మనవాళ్లందరికీ బాగుంటుంది, డబ్బిచ్చేవాడికే బాగుండదు.

పన్నెండో రోజున జవాబు మారింది. "ఒక్కరోజే కదక్కా, లో ప్రయారిటీ పెడదామా?"

ఒక్కరోజే! టెస్ట్ యూజర్‌కి జూలై 1 పెట్టింది నేనే, అది మా నాన్న తేదీ కాబట్టి. మా నాన్నదనేమిటి, ఆయనతోబాటు బళ్లో చేరిన సగం ఊరిది. బడి తెరిచాక నానమ్మ చెయ్యిపట్టుకుని తీసుకెళితే, హెడ్మాస్టరుగారు పిల్లాణ్ణి ఎగాదిగా చూసి, అయిదేళ్లు నిండేలా వెనక్కి లెక్కకట్టి జూలై 1 అని రాసేశారు. ఆయన పెన్ను పట్టిన కాలంలో మా ఊళ్లో తల్లులంతా కూడబలుక్కుని ఒకేరోజు కన్నారన్నమాట. నానమ్మ లెక్క వేరు. కోతలు జోరుమీదున్న రోజులట, అమావాస్య ఇంకా రాలేదట, మంత్రసాని పొలం నుంచి పరుగున వచ్చిందట.

ఆ తేదీతోనే నాన్న సర్కారు ఉద్యోగంలో చేరారు. నెల ఒకటో తారీకున పుట్టినవాళ్లు ముందునెల ఆఖరిరోజునే రిటైరవాలని రూలు. అలా జూన్ 30న దండలు వేయించుకుని ఇంటికొచ్చారు. హెడ్మాస్టరుగారు చెయ్యి కాస్త జారి జూలై 2 అని రాసుంటే జూలై 31 దాకా ఉండేవారు. ఒక్కరోజు తేడాకి ఒక నెల జీతం! ఈ కథంతా మెయిల్లో రాసి, పంపేముందు చెరిపేసి, "హై ప్రయారిటీ" అని మాత్రం ఉంచాను.

మర్నాడే ఫిక్స్ వచ్చింది. తేదీకి ఒకరోజు కలిపేశాడు! డల్లాస్‌లో జూలై 1 అయింది, హైదరాబాద్‌లో జూలై 2 అయింది. నాన్నకి పోయిన నెల జీతం ఇన్నాళ్లకి ఇప్పించాడు పాపం. రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి బగ్ మళ్లీ తెరిచాను.

ఆ రాత్రి ఒక సంగతి తట్టింది. బటన్ రంగు మారితే రెండు స్క్రీన్‌షాట్లు తీసే దాన్ని, నాన్న అసలు తేదీ గురించి నానమ్మని కుదురుగా కూర్చోబెట్టి అడగలేదు. ఏ ఏడు కోతలు, ఏ అమావాస్య అని నాలుగు ప్రశ్నలు వేసి పాత పంచాంగం తిరగేస్తే దొరికేదేమో. ఉన్న సాక్షి ఆవిడొక్కతే. వెళ్లిపోయి తొమ్మిదేళ్లయింది. నాన్న ఇప్పటికీ పుట్టినరోజు ఎప్పుడంటే "రికార్డు ప్రకారం..." అనే మొదలుపెడతారు.

రెండో ఫిక్స్‌లో కుర్రాడు తేదీని యూటీసీలో చదివి, యూటీసీలోనే చూపించాడు. హైదరాబాద్‌లోనూ డల్లాస్‌లోనూ జూలై 1 వచ్చింది. బగ్ మూసేశాను. డెవలపర్ బాబులకి ఒకటే మనవి: స్టెప్స్ ఒకటో నంబరు నుంచి చదవండి.