ముఖపరిచయానికి మూడు వాక్యాలు

హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఎవరి నోటీసు పీరియడైనా ముగిసే రోజు 'లాస్ట్ వర్కింగ్ డే' అన్న సబ్జెక్టుతో ఒక మెయిల్ అందరికీ వస్తుంది. అడుగున సొంత ఫోన్ నంబరు, లింక్డిన్ చిరునామా ఉంటాయి. వెంటనే 'రిప్లై ఆల్' వరద మొదలు. "మీతో పనిచేయడం నా అదృష్టం" అని ఒకరు, "మీరు లేని లోటు పూడ్చలేనిది" అని ఇంకొకరు. రెండోది సంతాప సభల సొత్తు. ఆ మనిషి పోతున్నది గచ్చిబౌలిలోని ఇంకో కంపెనీకి. పైగా ఇంతగా విలపిస్తున్నవారికి ఆయన ఏ అంతస్తులో కూర్చుంటారో కూడా తెలియదు.

ఉత్తరంలో ఆప్యాయత విశేషణాల వల్ల రాదు, ఆ మనిషికి తప్ప ఇంకొకరికి అతకని ఒక్క నిజం వల్ల వస్తుంది. వెళ్లేది ప్రయాణపు బిల్లులు చూసే అకౌంట్స్ ఉద్యోగి అనుకుందాం. రాసేవారికి ఆయనతో ఉన్న సంబంధమంతా ఒక హోటల్ బిల్లు. అయితే అదే రాయాలి: "మార్చిలో నా హోటల్ బిల్లు మీద మన కంపెనీ జీఎస్టీ నంబరు లేకపోతే, వెనక్కి కొట్టకుండా ఫోన్ చేసి హోటల్ వాళ్లను ఏమడగాలో చెప్పారు. ఆ తర్వాత నా బిల్లు ఒక్కటీ తిరిగి రాలేదు, థాంక్సండీ. కొత్త చోట అంతా బాగుండాలని కోరుకుంటున్నాను." ఇందులో పొగడ్త లేదు, "టచ్‌లో ఉందాం" అన్న ఉత్తుత్తి ఒప్పందమూ లేదు. పేరు మార్చి మరొకరికి పంపుదామంటే కుదరదు.

కాస్త ఎక్కువ చెబితే ఎవరి సొమ్ము పోయిందని అడగొచ్చు. పోయేది నిజమైన స్నేహితుడిది. నాలుగేళ్లు పక్క సీట్లో కూర్చున్నవాడు "మిస్సవుతాం" అని రాసేసరికి, ఆ మాటను లిఫ్టులో తలూపినవాళ్లు అప్పటికే వాడేసి ఉంటారు. మరి చెప్పుకోడానికి బిల్లు పరిచయం కూడా లేకపోతే? "కలిసి పనిచేసే అవకాశం రాలేదు, మీకు శుభాకాంక్షలు" అంటే సరిపోతుంది. పొడిగా ఉందనిపించవచ్చు కానీ, ముఖపరిచయానికి ఆ మాత్రం పొడితనం మర్యాదే. "కంగ్రాట్స్, పార్టీ ఎప్పుడు?" అన్న చనువు మాత్రం ప్రమాదం. ఉద్యోగం తనే మానేశారో, మాన్పించారో ఆ మెయిల్లో ఎవరూ రాయరు.

రాసింది ఆయన ఒక్కరికే పంపాలి, అదీ మధ్యాహ్నం లోపు. సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పగించాక ఆఫీసు మెయిల్ ఐడీ మూసేస్తారు. రాత్రి భోంచేసి తీరిగ్గా రాసిన ఆత్మీయత ఎంత చిక్కగా ఉన్నా, 'డెలివరీ కాలేదు' అన్న చీటీతో సర్వరు తిప్పి పంపుతుంది.