అమ్మకపోతే నష్టమే లేదట!

బౌద్ధనగర్ నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషుల్లో ఒక శాఖ ఉంది. దాన్ని అమ్మకపోతే-నష్టం-లేదు శాఖ అనొచ్చు. రిటైర్మెంటు డబ్బు గిల్ట్ ఫండ్‌లోనో ప్రభుత్వ బాండులోనో పెట్టి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర కూర్చుని, "గవర్నమెంటు పేపరండీ, పైసా పోదు" అని ఎదుటివాడికి ధైర్యం చెప్పడం ఈ శాఖ నిత్యకృత్యం.

2022లో వీళ్లకి పెద్ద పరీక్షే వచ్చింది. ఆ ఏడాది మే 4న రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి పెంచింది. అక్కడ మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా 6.50 చేసింది. మొదటి పెంపు రోజున శాఖలో పండగే: "వడ్డీలు పెరిగాయి, ఇక మన బాండ్లకి మంచిరోజులు!" వారం తిరిగేసరికి గిల్ట్ ఫండ్ ఎన్ఏవీ కిందికి చూస్తోంది. వడ్డీ పెరిగితే విలువ తగ్గడమేమిటని ఫండ్ వాళ్లను తిట్టారు గానీ, పెన్నూ కాగితం తీసినవారు లేరు.

తీస్తే పది నిమిషాల పని. మీ దగ్గర వెయ్యి రూపాయల బాండు ఉంది. ఏటా 7 శాతం, అంటే 70 రూపాయలు ఇస్తుంది; పదేళ్ల తర్వాత వెయ్యి తిరిగొస్తుంది. మీరు కొన్న మర్నాడే మార్కెట్ వడ్డీ 8 శాతమైంది. ఇప్పుడు అదే వెయ్యికి, అదే గడువుకు, కొత్త బాండు 80 ఇస్తుంది. మీ 70 రూపాయల కాగితాన్ని వెయ్యి పెట్టి కొనేంత అమాయకుడు తార్నాకా చౌరస్తాలో పొద్దంతా నిలబడినా దొరకడు. బౌద్ధనగర్‌లో పదేళ్లకి ఏడువేల అద్దెకు రాసిచ్చేసిన వాటాని, పక్క వాటా ఎనిమిదివేలు పలుకుతుంటే, ఎవరైనా తగ్గించే అడుగుతారు కదా.

మరి ఎంత తగ్గాలి? తెలివైనవారు 70ని 8 శాతంతో భాగించి 875 అంటారు. అసలు ఎప్పటికీ తిరిగిరాని బాండుకైతే ఆ లెక్క సరే. ఇక్కడ పదేళ్లకు వెయ్యి వస్తుంది కాబట్టి 875కి కొన్నవాడికి 8 శాతం కంటే ఎక్కువే గిడుతుంది. అంత చవగ్గా మీరెందుకిస్తారు? మీ బాండులో లోటు ఏడాదికి పది రూపాయలు, పదేళ్లపాటు. మొత్తం వంద. కానీ పదో ఏడు రావలసిన పది రూపాయల విలువ ఈరోజు 8 శాతం లెక్కన 4.63 మాత్రమే, మొదటి ఏటి పది 9.26. అలా పదింటినీ కూడితే 67.10. వెయ్యిలోంచి అది తీసేస్తే 932.90. అదే బాండు ధర.

ఆ 67 రూపాయలు ఎక్కడివో చూశారా? మార్కెట్ దురాశవి కావు, ఫండ్ మేనేజరు జేబులోకీ పోలేదు. మీరు పదేళ్లపాటు ఏటా వదులుకోబోయే పది రూపాయల నేటి విలువే అవి. కాబట్టి "నేను అమ్మను, మెచ్యూరిటీదాకా పట్టుకుంటా, నాకు నష్టం లేదు" అనే మాటకు అసలు అర్థం: "నష్టం ఒకేసారి వద్దు, వాయిదాల్లో కట్టుకుంటా." ప్రభుత్వం మాట తప్పలేదు, నిజమే, చెప్పిన 70, చెప్పిన వెయ్యి ఠంచనుగా ఇస్తుంది. ఆ డబ్బు పదేళ్లదాకా అవసరం పడదనుకున్నవాడికి అది చాలు కూడా. కానీ మాట తప్పకపోవడం వేరు, నష్టం లేకపోవడం వేరు.

గడువు పొడవైతే వదులుకునే పదులు పెరుగుతాయి. ఇదే బాండుకి ఏడాదే మిగిలుంటే ధర 990.74, ముప్పై ఏళ్లుంటే 887.42. గిల్ట్ ఫండ్ కొనేముందు అందులో బాండ్ల సగటు గడువెంతో అడిగిన నడకదారు మాత్రం ఇంతవరకు నా చెవిన పడలేదు.

ఈ శాఖకి అమెరికాలోనూ సభ్యులుండేవారు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు తన బాండ్లలో ఎక్కువ భాగాన్ని "గడువుదాకా ఉంచుకునేవి" అనే ఖాతాలో రాసుకుంది. ఆ ఖాతాలో ధర పడినా లెక్కలో పాత విలువే కనిపిస్తుంది. 2022 చివరికి అక్కడ దాగిన నష్టం సుమారు 1,500 కోట్ల డాలర్లు. బ్యాంకు సొంత మూలధనమూ కాస్త అటూఇటూగా అంతే. 2023 మార్చిలో డిపాజిటర్లు తమ డబ్బు తమకివ్వమన్నారు. "మేము అమ్మం కదా" అని వాళ్లకి చెప్పడం కుదరలేదు. మార్చి 10న బ్యాంకు మూతపడింది.

ఇక 2025 ఫిబ్రవరి నుంచి జూన్‌లోపు రిజర్వు బ్యాంకు రెపోను 6.50 నుంచి 5.50కి దించింది. మన ఉదాహరణలో మార్కెట్ వడ్డీ 7 నుంచి 6కి దిగితే ఆ బాండు 1,073.60 అవుతుంది. ఇప్పుడు మెట్ల దగ్గర శాఖ సభ్యులు ఫోన్లు తీసి ఎన్ఏవీ చూపిస్తున్నారు. ఒక్కరూ అమ్మలేదు. లాభం మాత్రం వచ్చేసిందట!