బొప్పాయి పండు వద్దు, ఆకు ముద్దు

జగిత్యాలలో గానీ కోరుట్లలో గానీ సిరిసిల్లలో గానీ, కడుపుతో ఉన్న కోడలికి బొప్పాయి ముక్క తినే యోగం ఉండదు. కడుపు పోతుందని అత్తమ్మ అడ్డం పడుతుంది. వానాకాలంలో ఆ కోడలికే డెంగ్యూ అని తేలితే మాత్రం ఆ చెట్టు ఆకులే దంచి, గుడ్డలో వడగట్టి, చేదు రసం గ్లాసెడు తాగిస్తారు. పండు చేస్తుందన్న కీడు ఆకు ఎందుకు చేయదో చెప్పేవారు లేరు. గర్భిణులకు ఆ రసం సురక్షితమని తేల్చిన ఆధారమూ లేదు. ఆ తర్వాత ఇల్లంతా ఒకటే జపం: ప్లేట్‌లెట్లు ఎన్ని? దుబాయిలో ఉన్న భర్త కూడా క్రికెట్ స్కోరు అడిగినట్టు పూటపూటా అదే అడుగుతాడు.

రసం తాగాక కణాలు పెరిగాయి కదా అంటారు. నిజమే, పెరుగుతాయి. జ్వరం దిగిన రెండు మూడు రోజులకు చాలామందిలో అవి వాటంతట అవే పెరుగుతాయి. ఆ సమయానికి ఎవరు ఏది తాగించి ఉంటే దానికే పేరొస్తుంది. ఆకు సారంతో కణాలు కాస్త త్వరగా పెరిగాయన్న చిన్నపాటి అధ్యయనాలు ఉన్న మాటా కాదనను. అయితే డెంగ్యూలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా కణాల కొరత కాదు. రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని నీరు పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూరా చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి, బీపీ కూలి, మనిషి షాక్‌లోకి జారుతుంది. నీరు ఇలా కారడాన్ని ఆకురసం ఆపుతుందని ఎవరూ రుజువు చేయలేదు.

ఇక పండుగ జ్వరం దిగిన రోజున. ఒళ్లు చల్లబడింది, గండం గడిచిందని కోడలిని మళ్లీ బీడీల చాట ముందు కూర్చోబెడతారు. నీరు కారడం ముదిరేది సరిగ్గా అప్పుడే. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ నడుమ, జ్వరం దిగే వేళ మొదలై 24 నుంచి 48 గంటలు. దాన్ని పట్టిచ్చే అంకె రక్త పరీక్ష కాగితంలో ప్లేట్‌లెట్ల పక్కనే ఉంటుంది. దాని పేరు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. గర్భిణిలో రక్తపు నీరు పెరుగుతుంది కనుక ఈ అంకె మామూలుగానే తగ్గి ఉంటుంది. ఏడో నెల గర్భిణికి జ్వరం మొదటి రోజున పీసీవీ 30 ఉందనుకుందాం. ఐదో రోజున 37 వచ్చింది. ల్యాబు వాళ్లు పక్కన అచ్చువేసే మామూలు హద్దు 36 నుంచి 46. అంతా నార్మల్ అని ఇంట్లో మిఠాయి పంచుతారు. నిజానికి అది 20 శాతానికి పైగా పెరిగింది, అంటే నీరు గట్టిగానే కారుతోంది. మొదటి రోజు కాగితం పారేసి ఉంటే ఈ తేడా ఎవరికీ కనబడదు. గర్భంతో ఉన్నప్పుడు నాడి కాస్త వేగంగా, బీపీ కాస్త తక్కువగా ఉండటం మామూలే కాబట్టి తొలి హెచ్చరికలూ అందులో కలిసిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు డెంగ్యూ వచ్చిన గర్భిణిని ప్రమాద లక్షణాలు లేకున్నా ఆసుపత్రిలో ఉంచి చూడమన్నది ఊరికే కాదు.

దవాఖానకు పోతే ప్లేట్‌లెట్ల సంచుల పేరిట దోచుకుంటారన్న భయం ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. రక్తస్రావం లేకుండా, కాన్పు గానీ ఆపరేషన్ గానీ దగ్గర పడకుండా, అంకె తగ్గిందని మాత్రమే కణాలు ఎక్కించడం చాలాసార్లు అనవసరం. కానీ ఆ భయానికి మందు ఇంట్లో ఉండిపోవడం కాదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో రక్త పరీక్ష రోజూ చేయించుకోవచ్చు. కడుపుతో ఉంటే మందులు వద్దనే మాట మరీ విచిత్రం. డాక్టరు చెప్పిన మోతాదులో గర్భిణికీ పనికొచ్చే పారాసిటమాల్‌కు వణుకుతారు. ఒళ్లునొప్పులకని ఆర్‌ఎంపీ గుచ్చే డైక్లోఫెనాక్ సూదికి మాత్రం చేయి చాస్తారు. డెంగ్యూలో అది రక్తస్రావాన్ని పెంచవచ్చు. నెలలు నిండే వేళ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

జ్వరం ఏదైనా గర్భిణి ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచో కింద నుంచో రక్తం, ఆయాసం, మగత, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ రోజే చూపించుకోమనడానికి కారణం డెంగ్యూ ఒక్కటే కాదు. ఫ్లూకి ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో బాగా పనిచేస్తుంది. ఇక ఆటలమ్మ పోస్తే వేపాకు కట్టి, డాక్టరు దగ్గరికి పోతే తల్లికి కోపమొస్తుందని తలుపేస్తారు. ఆటలమ్మ మందు పొక్కులు లేచిన 24 గంటల్లో మొదలైతే ఎక్కువ మేలు. గర్భిణిలో ఆ వైరస్ ఊపిరితిత్తులకు పాకితే, కోపం ఎవరిదైనా, ఊపిరాడనిది ఆమెకే.