నాలుగింట మూడు

గణితపు వర్క్‌షీట్లన్నియు ఒక్క వారములో మాతృభాషలోనికి దిగివచ్చినవన్న శుభవార్త వినినప్పుడు, ఆదోని యార్డులో పత్తి దిగినట్లు తెలుగు బండ్లకెత్తి దిగినదని సంబరపడినవారిలో నేనును ఒకడను. ఆ సంబరము ఆదివారము వరకు నిలిచినది. ఎమ్మిగనూరులో ఆఱవ తరగతి చదువుచున్న మా తమ్ముని మనుమడు ఆనాడు ఒక కాగితము తెచ్చి నా ముందఱ పఱచి, "తాతా, ఇది తెలుగేనా?" అని అడిగినాడు. అక్షరములు తెలుగువేయని వానికి హామీ యిచ్చి, అద్దములు తుడుచుకొని, చదువ మొదలిడితిని.

"12 మరియు 18 యొక్క గుణకాలు వ్రాసి వాటి గ.సా.కా. కనుగొనుము" అని మొదటి ప్రశ్న. తరువాతి ప్రశ్నకు వచ్చునప్పటికి గ.సా.కా. వేషము మార్చి గ.సా.భా. అయినది. ఒకటి గరిష్ఠ సామాన్య కారణాంకము, రెండవది గరిష్ఠ సామాన్య భాజకము. వస్తువొకటే, పేర్లు రెండు, రెండును శిష్టసమ్మతములే. ఏదో ఒకదానిని పట్టుకొని కడదాఁక నిలుచుటకు మాత్రము అనువాదకునికి ఓపిక చాలలేదు. ఇక "గుణకాలు" అన్నమాట ఉన్నదే, అది కారణాంకములకు బదులుగా వచ్చి కూర్చున్నది. 5x లోని 5ను గుణకమందురు. 12ను శేషము లేకుండ భాగించునది కారణాంకము. 12ను ఒకటి, రెండు, మూడులచే గుణింపగా వచ్చునది గుణిజము. గుణకమునకును గుణిజమునకును నడుమ తేడా రెండక్షరములే కావున, పిల్లవాడు గుణిజములే అడిగినారనుకొని 12, 24, 36, 48 అని వ్రాసికొనుచు కాగితము అంచు దాఁకి, "వీటిలో అన్నిటికంటే పెద్దది ఏది తాతా? ఇవి అయిపోవే!" అని నా మొగము చూచినాడు. అయిపోవు మఱి; గుణిజములకు అంతము లేదు గనుక గరిష్ఠ సామాన్య గుణిజమన్న వస్తువే సృష్టిలో లేదు. దానిని వెదకుమని పదునొకండేండ్ల బాలుని పంపినారు. వాడడిగిన ప్రశ్న ఆ కాగితములోని ప్రశ్నలన్నిటికంటె మేలైనది. దానికి మార్కులు లేవు.

పిదప "పై రెండు ఫలితముల ఉత్పత్తి ఎంత?" అట. ఉత్పత్తి యనగా మా ప్రాంతమున పత్తిది. లబ్ధమని వ్రాసియుండినచో, గ.సా.భా. 6ను క.సా.గు. 36చే హెచ్చించి 216 అని, అది 12, 18ల లబ్ధమునకును సమానమే యని వాడు ముచ్చటపడెడివాడు.

అన్నిటికంటె నన్ను బాధించినది భిన్నము. "20 మీటర్ల వస్త్రము యొక్క మూడు నాలుగవ భాగము ఎంత?" అనునది నాలుగవ ప్రశ్న. మూడవ భాగమా, నాలుగవ భాగమా, రెండునా? తెలుగువాడు ఎన్నడును ఇట్లనడు. నాలుగింట మూడు అనును. ముందుగా ఎన్ని భాగములు చేసితిమో చెప్పి, తరువాత వానిలో ఎన్ని తీసికొంటిమో చెప్పుట మన పద్ధతి. గుడ్డ కత్తిరించువాని చేయి నడచు క్రమమును అదియే. వ్రాతలో మాత్రము తీసికొన్న మూడు లవమై గీతపైకి ఎక్కును, చేసిన నాలుగు హారమై క్రింద కూర్చుండును. అనగా తెలుగులో భిన్నమును క్రిందినుండి పైకి చదువుదుము. తరగతిలో అయ్యవారు "త్రీ బై ఫోర్" అని పైనుండి క్రిందికి చదువుదురు. రెండు దారులును మంచివే. కాని ఏ దారిన పోవుచున్నామో పిల్లవానికి ముందుగా చెప్పవలయును.

ఈ కాగితమందు నాలుగవ ప్రశ్నలో "మూడు నాలుగవ", అయిదవదానిలో "3 బై 4", ఆఱవదానిలో "నాలుగింట మూడు", ఏడవదానిలో వాలుగీతతో 3/4, ఎనిమిదవదానిలో అడ్డగీత మీద 3, క్రింద 4. ఒకే భిన్నమునకు అయిదు అవతారములు! అయిదవ ప్రశ్నలో పైనుండి క్రిందికి వ్రాయుట అలవడిన మనుమడు ఆఱవ ప్రశ్నలోని నాలుగింట మూడును అట్లే విని, నాలుగును పైనబెట్టి, మూడును క్రిందబెట్టి, 20 మీటర్ల గుడ్డలో నాలుగింట మూడు వంతులు 26 మీటర్ల పైచిలుకని తేల్చినాడు. వాడు చేనేతవాని కొడుకు. మగ్గము లేకుండ, నూలు లేకుండ, ఆఱు మీటర్లకు మించిన గుడ్డ, అనగా జాకెట్టు గుడ్డతో సహా ఒక చీరె, కాగితము మీద నేసినాడు. భాగము మొత్తమును మించినదన్న ఒక్క గుర్తుతో తప్పు పట్టుకొనవచ్చును. "మీ నాయన ఇరవై మీటర్లు ఇస్తే అందులోంచి ఇరవైయాఱు ఎట్లా కోస్తావురా?" అని నేనడుగగానే వాడు నవ్వి, "ముక్కాలే గదా తాతా, పదైదు" అన్నాడు. అంగడిలో ఆ పిల్లవానికి లెక్క తప్పదు. కాగితము మీదనే తప్పినది.

ఇంతవఱకు నవ్వితిని, ఇక నవ్వలేను. ఈ కాగితమును దిద్దువారు 26 చూచి ఎఱ్ఱసిరాతో అడ్డముగా కొట్టి, పిల్లవాడు గణితమున మందుడని వ్రాయుదురు. అట్టివారు నలుగురైదుగురు తేలగానే, గణితమునకు తెలుగు పనికిరాదని పెద్దలు తీర్మానింతురు. తప్పు చేసినవాడు అనువాదకుడు, దండన బాలునికి, అపనింద భాషకు! కావలసిన మాట వెదకుటకు ఈయన గ్రంథాలయమునకు పోవలసిన పనియు లేదు. 2020-21 నుండి మన రాష్ట్రమున పిల్లల చేతికి వచ్చిన ద్విభాషా పుస్తకములలో ఒక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగు. ఆంగ్లపు మాటపై ఒక వ్రేలు, ఎదుటి పుటలోని తెలుగు మాటపై ఒక వ్రేలు పెట్టి పదిపదునైదు పదముల పట్టిక ముందు వ్రాసికొని, దానిని దాటనని ఒట్టుపెట్టుకొన్న చాలును. పిల్లవాని సంచిలో ఉన్న పుస్తకమును తెఱవనివాడు పిల్లవానికి ప్రశ్నపత్రము వ్రాయుటకు ఎట్లు సాహసించెను?

అంకెల సంగతి చూడుడు. ప్రశ్నల వరుస సంఖ్యలు కొన్ని ౧, ౨ అని, కొన్ని 3, 4 అని. "3. 5 × 4 = ?" అన్నచోట, చుక్క తరువాతి ఖాళీ అచ్చులో కుంచించుకొనిపోగా, ప్రశ్న సంఖ్యయు లెక్కయు అతుకుకొని మూడున్నరను నాలుగుచే హెచ్చింపుమన్నట్లయినది, 20 రావలసినచోట 14 వచ్చినది. ప్రశ్న సంఖ్యకు కుండలీకరణము తగిలించిన తీరిపోవు వ్యాధి.

ఆదోనిలో ఉర్దూ మాధ్యమపు పిల్లలకును ఇదే కాగితము పోవునట. ఉర్దూ వాక్యము కుడినుండి ఎడమకు నడచును, అందలి సంఖ్య మాత్రము ఎడమనుండి కుడికే. దిక్కు చెప్పకుండ 12 − 5 అని అందులో పడవేసిన, కంప్యూటరు దానిని 5 − 12గా త్రిప్పి చూపును. 1953లో బళ్ళారి జిల్లానుండి విడివడి వచ్చిన తాలూకా మాది. కన్నడపు బడులు నేటికిని ఉన్నవి. వారికి భాగలబ్ధమనగా మన భాగఫలము. "లబ్ధ" మన్నమాట వారి కాగితములో ఏ అర్థమున పడునో తలచుకొనుటకే భయమగుచున్నది.

కన్నడ దేశమున మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున చెప్పిన గణితసారసంగ్రహమును, పావులూరి మల్లన పదకొండవ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఛందస్సు, యతి, ప్రాస అన్ని సంకెళ్ళు కాళ్ళకుండగా గణితమును నడపినాడు. ఏ సంకెలయు లేని వచనములో మనవారు "ను"కిని "చే"కిని తేడా తెలియక, 36ను 4చే భాగింపుమనవలసినచోట "36 ద్వారా 4ను విభజించండి" అని వ్రాసి, తొమ్మిది రావలసినచోట ఒకటిలో తొమ్మిదవ వంతును తెచ్చుచున్నారు.

ఈ తప్పులన్నియు వరుసగా వ్రాసి, ఆంగ్లమూలము చూడని ఒక ఉపాధ్యాయునిచే తెలుగు కాగితమును ఒకసారి చేయించి, జవాబులు మూలముతో సరిపోయిన పిదపనే అచ్చువేయుడని ఒక జాబు పంపితిని. పదునైదు దినములకు సవరించిన ప్రతి వచ్చినది. "ఉత్పత్తి" అన్నచోటనెల్ల "ఉత్పాదన" అని మార్చినారు.