సుత్తి ఉచితం

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, బాంకెట్ హాళ్లు బోసిపోతాయి. దాంతో హోటళ్లకు గోడలు పగలగొట్టుకోవాలన్న ఉత్సాహం పుడుతుంది. ఈ ఏడూ రిసెప్షన్ బల్ల మీద ఆ యాక్రిలిక్ స్టాండు వెలిసింది. గౌరవనీయ అతిథులకు మరింత మెరుగైన అనుభూతిని అందించాలనే తపనతో మరమ్మతులు చేపట్టామని, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా కాస్త శబ్దం ఉండవచ్చని, స్విమ్మింగ్ పూల్, జిమ్ము, ఆరో అంతస్తు రెస్టారెంటు తాత్కాలికంగా మూసి ఉంటాయని, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేశామని, సహకరించాలని దాని సారాంశం. ఇందులో ఒక్క చిక్కే ఉంది. ఆ మెరుగైన అనుభూతి దక్కేది వచ్చే ఏడాది దిగే అతిథికి. ఈ ఏడాది అతిథికి దక్కేది సుత్తి. ఇద్దరికీ అద్దె మాత్రం ఒకటే, అందుకే ఇద్దరినీ కలిపి ఒకే సంబోధనతో సరిపెట్టేశారు.

పగటి పూటే కదా, ఆ వేళకు అతిథులంతా బయటే ఉంటారు కదా అని మేనేజర్ వాదన. హైదరాబాద్ లాంటి ఊళ్లో హోటల్ నడిపేవారు అనవలసిన మాట కాదిది. శంషాబాద్‌లో విదేశీ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చినవాడు గదిలో పడుకునేది సరిగ్గా ఆ పది గంటల వేళకే. ఆపరేషన్ అయ్యాక చెకప్ కోసం ఆస్పత్రికి దగ్గరలో గది తీసుకున్న రోగి పగలంతా మంచం మీదే ఉంటాడు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా అంతే. అసలు పగలు గది అక్కర్లేని వాళ్లే అతిథులైతే మధ్యాహ్నం రెండింటికి చెక్ ఇన్ ఎందుకు, సాయంత్రం ఏడింటికి పెట్టి అద్దె తగ్గించవచ్చుగా? పైగా రాత్రి పని చేయడం లేదన్నది దయాగుణమేమీ కాదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోత పుట్టించే నిర్మాణ యంత్రాలు నడపకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే, తర్వాతి సవరణతో, చేరింది.

ఇక ఆ కాస్త శబ్దం సంగతి. పని పై రెండు అంతస్తుల్లోనే జరుగుతోంది, మీకు కింది అంతస్తులో గది ఇచ్చాం అంటారు. వీధిలో హారన్ మోగితే కిటికీ వేసుకోవచ్చు, ఎందుకంటే అది గాలిలో వస్తుంది. బ్రేకర్ మెషిన్‌తో శ్లాబు మీది పాత టైల్స్ లేపుతున్నప్పుడు పుట్టే మోత గాలిని నమ్ముకోదు. అది శ్లాబులోకి, దాన్నుంచి బీముల్లోకి, స్తంభాల్లోకి దిగుతుంది. గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతే కాంక్రీటులో దాదాపు పది రెట్లు వేగంగా పోతుంది. వేగం కన్నా ముఖ్యం, దారిలో అది పెద్దగా నీరసించదు. అందుకే నాలుగంతస్తుల కింద కూడా తల పక్క గోడే డ్రిల్ అవుతున్నట్టు వినిపిస్తుంది, డబుల్ గ్లాస్ కిటికీలు ఎందుకూ పనికిరావు. అరచెయ్యి గోడకు ఆనిస్తే సన్నగా వణుకు తగిలిందంటే ఆ స్తంభాల వరుసలో కింద ఎక్కడికి మార్చినా ఫలితం ఉండదు. భవనం రెండు ముక్కలుగా కట్టి మధ్యలో ఎక్స్‌పాన్షన్ జాయింట్ వదిలి ఉంటే, దానికి అవతలి భాగంలో గది అడగాలి. అక్కడ కాంక్రీటు తెగిపోతుంది, మోత కూడా చాలా వరకు తెగుతుంది. ఈ సంగతి హోటల్ ఇంజినీరింగ్ విభాగానికి బాగా తెలుసు. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడికి మాత్రం ఎవరూ చెప్పరు, ఇయర్ ప్లగ్గుల గిన్నె చేతికిచ్చి నిలబెడతారు.

అయితే ఈ కాగితంలో రత్నం లాంటి వాక్యం ఇంకొకటుంది: మా అనుబంధ హోటల్‌లోని పూల్‌ను మీరు ఉచితంగా వాడుకోవచ్చు, షటిల్ సదుపాయం కలదు. పూల్ అంటే గదిలో తువ్వాలు భుజాన వేసుకుని, లిఫ్టు దిగి, నీళ్లలో దూకి, తడి చెప్పులతో తిరిగొచ్చే సుఖం. దాని విలువంతా ఆ రెండు నిమిషాల దూరంలోనే ఉంది. ఇప్పుడు ఆ సుఖాన్ని గచ్చిబౌలి నుంచి బేగంపేటకు తరలించారనుకుందాం. షటిల్ గంటకోసారి. పేరు ముందే రాయించుకోవాలి, ఎందుకంటే అది ఏడు సీట్ల బండి. పిల్లలకు ఈత దుస్తులు వేసి, పైన మామూలు బట్టలు తొడిగి, సాయంత్రం ఐదింటికి బయల్దేరితే ఐటీ కంపెనీలన్నీ వదిలే వేళకు ఫ్లైఓవర్ మీద ఉంటారు. అక్కడికి చేరాక అసలు తతంగం మొదలవుతుంది. అక్కడి రిసెప్షన్‌కు ఇక్కడి రిసెప్షన్ పంపిన మెయిల్ అందలేదు. గది నంబరు అడుగుతారు. చెబితే తమ హోటల్‌లో ఆ నంబరే లేదంటారు. ఫోన్లు నడుస్తాయి. లోపలికి వెళ్లేసరికి అక్కడి సొంత అతిథులు కుర్చీలన్నీ ఆక్రమించుకుని, పొరుగూరి పెళ్లివారు పంక్తిలో జొరబడినట్టు చూస్తారు.

తిరుగు ప్రయాణం ఇంకా రమ్యం. బండి డ్రైవర్ తడి బట్టలతో సీటు ఎక్కనివ్వడు, అతని తప్పూ కాదు. తువ్వాళ్లు అక్కడివి కాబట్టి అక్కడే వదలాలి. తల ఆరని పిల్లవాడు ఏసీ గాలికి తుమ్ముతూ ఉంటే, ఎనిమిదిన్నరకు హోటల్ చేరితే, ఆరో అంతస్తు రెస్టారెంటు మూత గనుక లాబీలోనే బఫే పెట్టారు. సిమెంటు ధూళి పడకుండా పెరుగన్నం గిన్నెకు మూత వేశారు, ఆ శ్రద్ధ మాత్రం మెచ్చదగ్గది. జిమ్ముకు ప్రత్యామ్నాయంగా గదికో యోగా చాప ఇస్తారట. మెట్లెక్కే వ్యాయామం ఎలాగూ ఉంది, ఎందుకంటే సర్వీస్ లిఫ్టులో శిథిలాలు దిగుతుంటే అతిథుల లిఫ్టులో సామాను ట్రాలీలు ఎక్కుతాయి.

నవ్వింది చాలు. అసలు సంగతి ఏమిటంటే, ఇది మోసం. పూల్ టైల్స్ మార్చడం అనుకోకుండా ఊడిపడే పని కాదు. నీళ్లు తోడేయాలి, పాత టైల్స్ చెక్కేయాలి, వాటర్‌ప్రూఫింగ్ పూతలు వేసి ఆరనివ్వాలి, నీళ్లు నింపి రోజుల తరబడి మట్టం దిగుతుందేమో చూడాలి, ఆ తర్వాతే కొత్త టైల్స్, వాటి సందుల పూత, మళ్లీ ఆరుదల. వారాల పని ఇది. దానికి కొటేషన్లు, కాంట్రాక్టరు, టైల్స్ ఆర్డరు అన్నీ నెలల ముందే కుదురుతాయి. పెద్ద హోటళ్లు ఈ పనుల కోసమే ఆదాయంలో సాధారణంగా నాలుగు శాతం దాకా విడిగా నిధి పెడుతూ వస్తాయి. అంటే ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి అతిథీ తన బిల్లులోంచి ఈ సుత్తికి చందా ఇచ్చే ఉన్నాడు. పని తేదీ యాజమాన్యానికి తెలుసు, కాంట్రాక్టరుకు తెలుసు, హౌస్‌కీపింగ్‌కూ తెలుసు. రిఫండ్ లేని రేటుకు ముందుగా డబ్బు కట్టిన అతిథికి మాత్రమే తెలియదు. అతను బుక్ చేసిన రోజు వెబ్‌సైటులో నీలం నీళ్ల ఫోటో మెరుస్తూనే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సేవాలోపాన్ని నిర్వచించిన చోట, సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. చెక్ ఇన్ అయ్యాక గదిలో కాగితం పెట్టడం సమాచారం ఇవ్వడం కాదు. సూట్‌కేసు తెరిచాక, వేరే హోటళ్ల రేట్లు రెట్టింపయ్యాక, తప్పించుకునే దారి మూసుకున్నాక చెప్పడమది.

అసౌకర్యానికి వెల కట్టలేం కదా అని ఇంకో సాకు. ఎందుకు కట్టలేం? జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ జిల్లా కోర్టు 1980ల్లోనే ప్యాకేజీ యాత్రల ఫిర్యాదుల కోసం ఒక పట్టిక తయారుచేసింది. ఇస్తామన్న స్విమ్మింగ్ పూల్ లేకపోతే ధరలో 10 నుంచి 20 శాతం, పగటి మోతకు 5 నుంచి 25 శాతం, రాత్రి మోతకు 10 నుంచి 40 శాతం తగ్గింపు. అది ఇతర కోర్టులను కట్టిపడేసే చట్టమేమీ కాదు, మార్గదర్శి మాత్రమే. మన దేశానికి అసలే వర్తించదు. లెక్క వేయడం సాధ్యమేనని మాత్రం తేల్చింది. దాన్ని ఇక్కడ ఒక గదికి వేసి చూద్దాం. రోజుకు 8,000 రూపాయల గది. 7,500 దాటింది గనుక జీఎస్టీ 18 శాతం, అంటే 1,440. మొత్తం 9,440. జర్మన్ పట్టికలో అతి తక్కువ అంకెలే తీసుకున్నా పూల్‌కు 10, పగటి మోతకు 5, వెరసి 15 శాతం తగ్గాలి. గది 6,800కు దిగుతుంది. అప్పుడు అది 7,500 లోపు గది, ఇప్పుడున్న జీఎస్టీ 5 శాతమే, అంటే 340. మొత్తం 7,140. హోటల్ వదులుకున్నది 1,200. అతిథికి మిగిలింది రోజుకు 2,300. ఇన్‌పుట్ క్రెడిట్ పోతుందని హోటల్ అకౌంటెంట్ గొణగవచ్చు, అది నిజమే, అతని బాధ అతనిది. కానీ ఇవాళ అతిథి చెల్లిస్తున్నదేమిటో చూడండి: మూసిన పూల్‌తో సహా పూర్తి అద్దె, ఆ పూల్ ఉన్న స్థాయి గదికి పన్ను, దానికి బదులుగా ఒక గ్లాసు పుచ్చకాయ రసం.

హోటళ్లు మరమ్మతులే చేసుకోకూడదా అని ఎవరైనా అడగవచ్చు. చేసుకోవాలి. చెయ్యకపోతే లీకయ్యే పైపుల కింద, పాత వైరింగ్ పక్కన మనమే పడుకోవాలి. పూర్తిగా మూసేస్తే వెయిటర్లు, రూమ్ బాయ్‌లు జీతాలు లేక ఇళ్లకు పోతారన్నదీ సరైన మాటే, అందుకే మూసేయమనడం లేదు. సగం హోటల్ తెరిచి ఉంచితే సగం హోటల్ ధర అడగమంటున్నాం, అదీ బుక్ చేసే పేజీలో, బటన్ నొక్కకముందు. ముందే చెబితే బుకింగులు పడిపోతాయని వాళ్ల భయం. పడిపోతాయంటే, తెలిసిన మనిషి ఆ ధరకు ఆ గది కొనడని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఇంతకన్నా సాక్ష్యం ఏ వినియోగదారుల కమిషన్‌కూ అక్కర్లేదు.

ఆఖరికి మిగిలేది ఒకటే జవాబు: రేట్లు సిస్టమ్‌లో ఉంటాయి సార్, మా చేతుల్లో లేవు. ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉందని తెలిసిన క్షణంలో అదే సిస్టమ్ అదే గదిని రెండింతలు చేస్తుంది. మాదాపూర్‌లో అంతర్జాతీయ సదస్సు ప్రకటించగానే, మనిషి వేలు తగలకుండానే, రాత్రికి రాత్రి ఇంకో రెండు వేలు ఎక్కిస్తుంది. శని, ఆదివారాలు వేరు, శుభకార్యాల రోజులు వేరు, వర్షం పడితే వేరు. ఊళ్లో ఎక్కడ ఏం జరిగినా పసిగట్టే ఆ సిస్టమ్‌కు సొంత ఆరో అంతస్తులో నడుస్తున్న బ్రేకర్ మెషిన్ ఒక్కటే వినపడటం లేదట.