అది నా స్లైడ్ కాదు సార్

బెయిల్ సంస్కరణల మీద గ్రూప్ ప్రెజెంటేషన్ అనగానే లా విద్యార్థులు పనిని అన్నదమ్ముల ఆస్తిలా పంచేసుకుంటారు. చక్కగా మాట్లాడే అమ్మాయికి ఉపోద్ఘాతం, చదివే అబ్బాయికి సెక్షన్లు, గొంతున్నవాడికి సుప్రీంకోర్టు తీర్పులు, ఇంకొకరికి సంస్కరణలు. ఏమీ రానివాడికి ముగింపు, ధన్యవాదాలు. మార్కులు మాత్రం అందరికీ సమానం. దీన్ని జట్టుపని అంటారట.

సభలోంచి వచ్చే మొదటి ప్రశ్నకు జవాబు అనర్గళంగా వస్తుంది. రాకేం, నిన్న రాత్రే రాసి వెనక బెంచీ మిత్రుడికి ఇచ్చింది కదా! చిక్కంతా రెండోదానితోనే. ఎవరో మాస్టారు లేస్తారు. "చిన్న దొంగతనం. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మునుపెన్నడూ శిక్ష పడలేదు. విచారణ ఖైదీగా ఏడాది గడిచింది. వదులుతారా?"

"వదలాలి సార్. బీఎన్ఎస్ఎస్ 479, మూడో వంతు!"

"ఇంకో కేసు కూడా పెండింగులో ఉంటే?"

సెక్షన్ల అబ్బాయి తెరవైపు తిరుగుతాడు. తెర మీద మొదటి ఉపసెక్షనే ఉంది. కేసులు ఒకటికి మించి నడుస్తుంటే ఈ సెక్షన్ కింద వదలకూడదనేది రెండోది. స్లైడులో చోటు చాలలేదు మరి.

"పోనీ, కేసు ఒకటే. రెండో నెలలోనే బెయిలొచ్చింది. ఇరవై వేలకు ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు. అతనికి ఈ ఊళ్లో ఎవరూ లేరు. ఇప్పుడెలా?"

ఎవరికి వారే యమునా తీరే. తీర్పుల కుర్రాడు 1978 నాటి తాపీమేస్త్రీ మోతీరామ్ కేసును, జస్టిస్ కృష్ణయ్యర్ పేరును గంభీరంగా వల్లిస్తాడే కానీ, ఆ తాపీమేస్త్రీకి సోదరుడు పూచీ ఉంటానన్నా, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్న సంగతి అతనికి తట్టదు. అడిగింది సరిగ్గా అదే. సంస్కరణల అమ్మాయి స్లైడులో జవాబు నిక్షేపంగా ఉంది: 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినట్టు, బెయిలొచ్చిన వారంలో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి, నెల దాటినా పూచీకత్తు రాకుంటే షరతులు సడలించే సంగతిని కోర్టు తానుగానే పరిశీలించవచ్చు. కానీ ప్రశ్న తన స్లైడు మీద కాదని ఆమె నోరు మెదపదు. చివరికి ధన్యవాదాలవాడు మైకు అందుకుంటాడు. "చాలా మంచి ప్రశ్న సార్. మా అంశం పరిధిలోకి రాదు."

వీళ్లు పైకొస్తారు, సందేహం లేదు. బెయిలిచ్చాం, మా పని అయిందని కోర్టు. కాగితం రాలేదని జైలు. జామీనుదార్లను తెచ్చుకోమన్నానుగా అని వకీలు. అక్కడా ఇదే పంపకం.

ఎవరు ఏ భాగం మాట్లాడాలో ఆ రోజే చీటీ తీసి తేల్చండి. ప్రశ్నకు జవాబు ఆ భాగం మాట్లాడనివారే చెప్పాలనండి. ఒక్కసారి అలా చేసి చూడండి. ఐదుగురూ సెక్షన్ మొత్తం చదవాల్సి వస్తుందని, ఇది అన్యాయమని ప్రిన్సిపాల్‌కు అర్జీ పెడతారు. దాన్నీ ఐదు పేరాలుగా పంచుకునే రాస్తారు.