స్పెయిన్ పెళ్లి విందులో మాట్లాడబోతున్నారా? ఈ సలహాలు వినకండి

మాడ్రిడ్‌కో బార్సిలోనాకో చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లి స్థిరపడిన మనవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పిలుపు వస్తుంది. ప్రాణస్నేహితుడైన స్పానిష్ కుర్రాడికి పెళ్లి కుదురుతుంది. "విందులో నా తరఫున నువ్వు నాలుగు మాటలు చెప్పాలి, మా బామ్మకి ఇంగ్లీషు రాదు, స్పానిష్‌లోనే చెప్పు" అంటాడు. గ్లాసు ఎత్తి కొత్త జంటకి శుభం కోరుతూ చెప్పే ఆ మాటలని అక్కడ బ్రిందిస్ అంటారు. సంగతి తెలియగానే చుట్టూ సలహాలు ఇచ్చేవాళ్లు పోగవుతారు. ఆ సలహాల్లో చాలావరకు హాలీవుడ్ సినిమా పెళ్లిళ్లు చూసి పుట్టినవి. స్పెయిన్ పెళ్లిలో వాటిని పాటిస్తే పెళ్లికొడుకు తలదించుకోవాల్సి వస్తుంది. అందుకే వాటిని ఒక్కొక్కటిగా కొట్టిపారేయాలని ఇది రాస్తున్నాను.

మొదటి తప్పుడు సలహా: "నిఘంటువు చూడు, బెస్ట్ మ్యాన్‌ని స్పానిష్‌లో పద్రీనో అంటారు. లేచి నిలబడగానే నేను పద్రీనోని అని చెప్పు."

చెప్పకండి. నిఘంటువులో ఆ అర్థం ఉన్నా, స్పెయిన్ పెళ్లిలో పద్రీనో అంటే పెళ్లికూతుర్ని చెయ్యి పట్టుకుని పీట దాకా నడిపించుకొచ్చే పెద్దమనిషి. మామూలుగా ఆమె తండ్రి. పెళ్లికొడుకు పక్కన నడిచే మద్రీనా అతని తల్లి. ఆ తండ్రి మొదటి బల్ల దగ్గర కూర్చుని ఉండగా మీరు లేచి నేనే పద్రీనోని అంటే హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెళ్లికొడుకు స్నేహితుడికి అక్కడ ప్రత్యేకమైన పదవంటూ లేదు. "సోయ్ అమీగో దెల్ నోబియో", పెళ్లికొడుకు స్నేహితుణ్ణి అంటే చాలు. పెళ్లిలో సాక్షి సంతకం పెట్టినవాళ్లయితే తెస్తీగోని అని కూడా చెప్పుకోవచ్చు. పెళ్లికి ఇద్దరు సాక్షులు ఉండాలి కాబట్టి దగ్గరి స్నేహితులకి ఆ అవకాశం తరచుగా వస్తుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టే సలహా ఇది: "పెళ్లికొడుకుని ఉతికి ఆరెయ్. పాత ప్రేమకథలు చెప్పు, బ్యాచిలర్ పార్టీలో ఏం జరిగిందో చెప్పు. జనం పడిపడి నవ్వుతారు."

నవ్వరు. స్పెయిన్ పెళ్లి విందులో మూడు తరాలవాళ్లు కలిసి కూర్చుంటారు. సాయంత్రం పెళ్లయితే భోజనం మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. అప్పటికి చిన్నపిల్లలూ మేలుకునే ఉంటారు, తొంభై ఏళ్ల బామ్మా మేలుకునే ఉంటుంది. పాత స్నేహితురాలి పేరు మైకులో వినిపిస్తే పెళ్లికూతురి తల్లి ఫోర్కు కింద పెట్టేస్తుంది. మొరటు సరదాకి అక్కడ వేరే వేళలు ఉన్నాయి. పెళ్లికి ముందు స్నేహితులు చేసుకునే దెస్పెదీదాలో ఏదైనా చెల్లుతుంది. పెళ్లి రాత్రి కొన్నిచోట్ల స్నేహితులు పెళ్లికొడుకు టై కత్తిరించి ముక్కలు అతిథులకి అమ్ముతారు, అక్కడా గోల చెయ్యొచ్చు. డాన్సు మొదలై బార్ తెరిచాక ఎంత ఏడిపించినా ఎవరూ పట్టించుకోరు. బ్రిందిస్ మాత్రం బామ్మ కూడా వినే మాట.

అలాగని చప్పగా పొగడమని కాదు. స్పానిష్‌వాళ్లు స్నేహితుణ్ణి ఏడిపించకుండా ఉండలేరు, పొగడ్తలే వినిపిస్తే మీరు అతనికి నిజంగా స్నేహితుడేనా అని అనుమానిస్తారు. దారి ఏమిటంటే, పెళ్లికూతురికి ముందే తెలిసిన ఒక్క లోపాన్ని పట్టుకోవాలి. ఆ లోపం చివరికి ఆమె మీద ప్రేమగా తేలాలి. ఒక ఉదాహరణతో చూద్దాం. పెళ్లికొడుకు లుయీస్, పెళ్లికూతురు మరీయా అనుకోండి. లుయీస్‌కి ఎక్కడికీ టైముకి రావడం చేతకాదు.

ముందు ఈ సంగతి రెండు చిన్న దృశ్యాల్లో చెప్పాలి, మూడోది వద్దు. ఆదివారం ఫుట్‌బాల్‌కి వాడు వచ్చేసరికి సగం ఆట అయిపోయేది, గోల్‌కీపర్ లేకుండానే ఆడేవాళ్లం అనొచ్చు. ఒకసారి సెవిల్యాకి రైలెక్కుదామని వాణ్ణి స్టేషన్‌కి రమ్మంటే రైలు కదులుతుండగా ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతూ కనిపించాడు అనొచ్చు. ఈ రెండూ విని తల్లీ చెల్లీ తలలూపుతారు, వాళ్లకి తెలిసిందే కదా. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తర్వాత మలుపు: మరీయాని మొదటిసారి కలవాల్సిన రోజు మాత్రం వాడు ఇరవై నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నాడు, అది తెలిసిన రోజే నేను ఈ పెళ్లికి కోటు కుట్టించుకోవాలని అర్థం చేసుకున్నాను.

అప్పుడు మరీయా వైపు తిరిగి ఒకే ఒక్క వాక్యం: "యేగా తార్దే ఆ తోదో, మేనోస్ ఆ తీ." అన్నిటికీ ఆలస్యంగా వస్తాడు, నీ దగ్గరికి తప్ప. ఏడిపింపూ పొగడ్తా ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. స్పానిష్ కొద్దిగా వచ్చినవాళ్లూ తడబడకుండా అనగలిగేంత చిన్న వాక్యం. ప్రసంగం మొత్తంలో కష్టపడి బట్టీపట్టాల్సింది ఇదే, మిగతాది కాగితం చూసి చదివినా పరవాలేదు. మీ స్నేహితుడి లోపం వేరేది కావచ్చు. వంట రాకపోవడం, దారి తప్పడం, ఫోన్ మర్చిపోవడం, ఏదైనా ఇలాగే మలచొచ్చు. డబ్బు, తాగుడు, పాత ప్రేమలు మాత్రం ఎన్ని మలుపులు తిప్పినా కుదరవు.

లోపం సరిగ్గా ఎంచుకున్నారో లేదో ముందే తెలుసుకోవచ్చు. పెళ్లికూతురి స్నేహితురాలికి చదివి వినిపించండి. ఆమె నవ్వి "అయ్యో, నిజమే" అంటే అది పనికొస్తుంది. "మరీయాకి ఇది తెలుసా?" అని అడిగితే కొట్టేయండి.

మూడో సలహా భాష గురించి. "ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకున్న స్పానిష్ చాలు, ఎక్కడైనా ఒకటే." ఒకటే కాదు. చాలా కోర్సులు లాటిన్ అమెరికా స్పానిష్ నేర్పుతాయి. బ్రిందిస్‌లో మీరు ఎక్కువగా వాడేది "మీ ఇద్దరూ" అనే మాటే కాబట్టి తేడా మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. మెక్సికోలో జంటని చూసి "లెస్ దెసేయో", మీకు కోరుకుంటున్నాను, "కే సేయాన్ ముయ్ ఫెలీసెస్", చాలా సుఖంగా ఉండాలని అంటారు. మాడ్రిడ్‌లో అదే మాట "ఓస్ దెసేయో", "కే సెయాయిస్ ముయ్ ఫెలీథెస్" అవుతుంది. మొదటి తీరు స్పెయిన్‌వాళ్లకి అర్థం కాకపోదు. కానీ అక్కడ దాన్ని పరాయివాళ్లతో, గౌరవం చూపాల్సిన పెద్దలతో వాడతారు. పదేళ్ల స్నేహితుణ్ణి బ్యాంకు మేనేజర్‌ని పలకరించినట్టు పలకరించినట్లవుతుంది. మీ కాగితంలో లెస్ అని ఉన్నచోటల్లా చూసుకుని ఓస్ అని మార్చండి, క్రియ చివర కూడా మార్చాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఇంకా వికారంగా ఉంటుంది.

పెళ్లికూతురు మెక్సికో అమ్మాయో అర్జెంటీనా అమ్మాయో అయితే ఇంకో జాగ్రత్త. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికీ చెయ్యి పట్టుకోవడానికీ రోజూ వాడే "కోహెర్" అనే క్రియ ఆ దేశాల్లో పచ్చి బూతు. దాని బదులు "తోమార్" వాడితే రెండు వైపులవాళ్లూ హాయిగా వింటారు.

"నా స్పానిష్ బాగాలేదు, క్షమించండి అని మొదలుపెట్టు, జాలిపడతారు" అనేవాళ్లు ఉంటారు. జాలి ఎందుకు? విందుకి వచ్చినవాళ్లు మీ వ్యాకరణం దిద్దడానికి రాలేదు. క్షమాపణతో మొదలుపెడితే హాలు మొత్తం మీ గురించే ఆలోచిస్తుంది, పెళ్లికొడుకు గురించి కాదు. "బ్వేనాస్ నోచెస్ ఆ తోదోస్" అని, మీ పేరు చెప్పి, అతన్ని ఎక్కడ ఎలా కలిశారో ఒక్క వాక్యంలో చెప్పి కథలోకి వెళ్లిపోండి. మొత్తం మూడు నిమిషాలు, రెండువందల యాభై మాటలు దాటకుండా. పరాయి భాషలో నెమ్మదిగా చదువుతారు, మధ్యలో జనం నవ్వుతారు, "కే సే బేసెన్", ముద్దు పెట్టుకోండి అని కేకలేస్తారు. ఆ కేకలు పడినప్పుడు కంగారుపడకుండా ఆగండి, జంట ముద్దు పెట్టుకున్నాకే తర్వాతి వాక్యం చదవండి.

ఎప్పుడు మాట్లాడాలో కూడా తప్పుగానే చెబుతారు. "అందరూ తింటూ ఉండగా లేచి గ్లాసు మీద స్పూనుతో కొట్టు" అని. వేడి వేడి మాంసం పళ్లేలు మోసుకుంటూ వడ్డించేవాళ్లు బల్లల మధ్య తిరిగే సమయం అది. వాళ్లూ ఆగలేరు, తినేవాళ్లూ ఆగలేరు. విందు నడిపించే మేత్రెతో ముందే మాట్లాడి డెజర్టు వచ్చే వేళకి మైకు అడగండి. అప్పటికి గ్లాసుల్లో కాబా పోసి ఉంటారు.

ఆ కాబా దగ్గరే మనవాళ్లలో మందు ముట్టనివాళ్లకి ఒక చిక్కు. "నీళ్ల గ్లాసు ఎత్తితే ఏమవుతుంది" అంటారు. నీళ్లతో బ్రిందిస్ చేస్తే కీడు అని స్పెయిన్‌లో చాలామంది గట్టిగా నమ్ముతారు. కొత్త జంటకి మీరు చెడు కోరినట్టు పక్క బల్లవాళ్లు గుసగుసలాడతారు. పరిష్కారం తేలిక. మోస్తో అని పులియని ద్రాక్షరసం ఉంటుంది, మేత్రెకి చెబితే మీ గ్లాసులో అదే పోస్తాడు. అదీ దొరక్కపోతే కాబా గ్లాసే ఎత్తి పెదవికి ఆనించి దించేయండి. గ్లాసు తాకించేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. చూపు తిప్పుకుంటే అదీ కీడే అనే నమ్మకం ఉంది.

చివరగా, "మంచి సామెతతో, గొప్ప కవి మాటతో ముగించు" అనే సలహా. అరువు తెచ్చుకున్న మాటతో ముగిస్తే మీరు సొంతంగా చెప్పినదంతా పలచబడుతుంది. లుయీస్ ఆలస్యం గురించిన వాక్యం తర్వాత "ఓస్ దెసేయో" అంటూ ఒక్క శుభాకాంక్ష, ఆ వెంటనే గ్లాసు ఎత్తి "పోర్ లోస్ నోబియోస్", కొత్త దంపతుల కోసం అనండి. హాలు లేస్తుంది. ఎవరో ఒకరు "బీబన్ లోస్ నోబియోస్" అని అరుస్తారు, మిగతావాళ్లంతా "బీబన్" అని అందుకుంటారు. ఆ కేక తర్వాత మైకు మీ చేతిలో ఉండకూడదు. ఒక్క మాట కూడా కలపకుండా కూర్చోండి.